DATEDIF చెప్పే ‘రోజులు’ ఎప్పుడు తప్పుతాయి?

“ఎక్సెల్ దాచిపెట్టిన సీక్రెట్ ఫార్ములా DATEDIF! పుట్టిన తేదీ, TODAY() ఇస్తే చాలు, సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా వయసు పక్కాగా వస్తుంది. అప్లికేషన్లో అదే వేసేయండి.”

ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే తిరుపతి నెట్ సెంటర్లలో పిల్లలు ఈ మెసేజ్ చూసుకునే వయసు గడి నింపుతున్నారు. అందుకే దీనికి జవాబు రాయాలనిపించింది.

ఇందులో సీక్రెట్ ఏమీ లేదు. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్‌లో చేసిన షీట్ల కోసం ఉంచిన ఫంక్షన్ ఇది. టైప్ చేస్తుంటే కింద జాబితాలో పేరు రాదు కానీ, మైక్రోసాఫ్ట్ హెల్ప్‌లో దీని గురించి ఉంది.

TODAY() ఇక్కడ పనికిరాదు. అప్లికేషన్ అడిగేది కటాఫ్ తేదీ నాటి వయసు. పైగా అదే ఫైలు రేపు తెరిస్తే రేపటి వయసు చూపిస్తుంది. A2లో పుట్టిన తేదీ, B2లో కటాఫ్ తేదీ స్వయంగా టైప్ చేయండి.

అసలు చిక్కు రోజుల దగ్గరే. సంవత్సరాలకు =DATEDIF(A2,B2,"Y") అని, మిగిలిన నెలలకు "Y" బదులు "YM" అని వాడితే భయం లేదు. రోజులకు వాడే "MD"ని మాత్రం నమ్మలేం. తప్పు ఫలితం రావచ్చని మైక్రోసాఫ్టే హెచ్చరించింది.

A2లో 31-05-2001, B2లో 01-07-2025 వేసి చూడండి. 24 సంవత్సరాలు, 1 నెల, 0 రోజులు వస్తుంది. ఇప్పుడు A2లో 01-06-2001 వేయండి. మళ్లీ 24, 1, 0! ఒకరోజు ముందు పుట్టినవాళ్లకూ అదే వయసా? ఎందుకంటే "MD" కటాఫ్‌కు ముందు నెలలో, అంటే జూన్‌లో, 31వ తేదీ కోసం వెతుకుతుంది. అది లేదు కాబట్టి జూలై 1కి జరిగిపోతుంది. అక్కడి నుంచి జూలై 1కి సున్నా రోజులే కదా. 31-01-2001న పుట్టినవాళ్లకు కటాఫ్ 01-03-2025 అయితే ఏకంగా -2 వస్తుంది. మైనస్ వస్తే తప్పని తెలిసిపోతుంది, సున్నా వస్తే ఎవరికీ అనుమానం రాదు. 29, 30, 31 తేదీల్లో పుట్టి, కటాఫ్‌కు ముందు నెలలో ఆ తేదీ లేనివాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

రోజులకు ఇది వాడండి:

```
=B2-EDATE(A2,DATEDIF(A2,B2,"M"))
```

EDATE పుట్టిన తేదీకి పూర్తయిన నెలలు కలుపుతుంది, ఆ నెలలో ఆ తేదీ లేకపోతే నెల చివరి రోజు దగ్గరే ఆగుతుంది. జూన్ 30 నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మొదటి ఉదాహరణకు 1 రోజు వస్తుంది. ఫలితం తేదీలా కనిపిస్తే సెల్ ఫార్మాట్ General చేయండి.

దీనికీ ఒక హద్దుంది. కటాఫ్ 01-03-2025 అయితే జనవరి 28, 29, 30, 31న పుట్టినవాళ్లందరికీ 1 రోజే వస్తుంది. ఫిబ్రవరికి 28 రోజులే ఉంటే ఆ నాలుగు తేదీలూ ఒకేచోట ఆగిపోతాయి. అందుకే అర్హతను ఈ రోజుల లెక్కతో తేల్చకండి. ఏ తేదీల మధ్య పుట్టి ఉండాలో నోటిఫికేషన్‌లో ఇస్తే, మీ పుట్టిన తేదీని నేరుగా వాటితోనే పోల్చి చూసుకోండి.