‘దాటేస్తే స్వామి చూస్తాడు’ అనకుండానే సబ్‌స్క్రైబ్ అడగవచ్చు

“భక్తి షార్ట్స్‌లో మర్యాదగా అడిగితే ఎవరూ సబ్‌స్క్రైబ్ చేయరు. ‘నిజమైన భక్తులైతే చేయండి, దాటేస్తే స్వామి చూస్తాడు’ అన్న ముక్క చివర పడాల్సిందే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, యూట్యూబ్ కూడా ఏమీ అనదు.” (తిరుపతి, చిత్తూరు వీడియోలు తీసేవారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహా)

ముందుగా ఈ వీడియో ఎవరి కంటపడుతుందో చూడాలి. షార్ట్స్ ఫీడ్‌లో కనబడేదాన్ని ప్రేక్షకుడు వెతుక్కుంటూ రాడు. వంటల వీడియోకూ క్రికెట్ ముక్కకూ నడుమ అదే వచ్చి అతని ముందు నిలబడుతుంది. దాన్ని వేలితో పైకి తోసేయడం గుడి ముందు ముఖం తిప్పుకుని పోవడం కాదు. భయపడి బటన్ నొక్కినవారికి ఆ నొక్కడంతోనే భయం తీరిపోతుంది, ఛానల్‌తో పనీ అక్కడితో సరి. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి షార్ట్‌కూ ఆగి చూసినవారి శాతం, దాటేసినవారి శాతం కనబడతాయి. సబ్‌స్క్రైబర్లు పెరుగుతూ ఉంటే ఆగి చూసేవారి శాతం మాత్రం తగ్గుతూ వస్తున్నదంటే, వచ్చినవారు వీడియోల కోసం రాలేదేమోనని అనుమానించాలి.

నష్టం లేదన్న మాట మన ప్రాంతంలో అసలే నిలవదు. కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమంటే అబద్ధమాడినవాడు వెనకడుగు వేసే సీమ ఇది. మొక్కు మరిస్తే వడ్డీతో సహా వసూలు చేస్తాడని ఏడుకొండలవాణ్ణి వడ్డికాసులవాడని పిలుచుకునే జనం మనం. ఇలాంటి చోట ‘స్వామి చూస్తాడు’ అన్నది ఉత్త మాటగా పోదు. తిరుచానూరులో పూలు కట్టే పెద్దావిడను ఊహించుకోండి. ఫోను గంపకు ఆనించి ఉంటుంది, చేతిలో దారం, వేళ్లన్నీ తడి. షార్ట్ అయిపోగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది కనుక, మూర మాల పూర్తయ్యేలోగా ఆ బెదిరింపు నాలుగైదుసార్లు చెవిన పడుతుంది. చివరికి దారం పక్కన పెట్టి, ఏ బటనో తెలియక, పక్క కొట్టు కుర్రవాణ్ణి “ఒరే అబ్బోడా, ఇదేందో నొక్కమంటా ఉండాడు, చూడు నాయనా” అని పిలుస్తుంది. ఛానల్ లెక్కలో ఒకరు పెరుగుతారు, ఆమెకు గుబులు మిగులుతుంది.

ఇక యూట్యూబ్ సంగతి. సబ్‌స్క్రైబ్ చేయమని అడగడాన్ని అది నిషేధించలేదు, అంతవరకు ఆ సలహా నిజమే. కానీ మనలో చాలామంది అదే వీడియోను ఫేస్‌బుక్‌లోనూ పెడతారు. లైకులు, షేర్లు, ట్యాగులు గుంజుకోవడానికే రాసిన పోస్టులను తక్కువమందికి చూపుతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది.

అసలు పని చివరి వాక్యంలో ఉంది. కార్తీక మాసంలో కపిలతీర్థం జలపాతం మీద నలభై సెకన్ల షార్ట్ తీశారనుకుందాం. “శివభక్తులైతే సబ్‌స్క్రైబ్ చేయకుండా పోరు” అని ముగిస్తే, నొక్కనివాడు భక్తుడు కాడని తేల్చినట్లే. “ఒక్క సబ్‌స్క్రైబ్‌తో స్వామి సేవ చేసినట్లే”, “చేస్తే రేపటికల్లా శుభవార్త” అన్నవి మెత్తగా వినబడినా అదే దారిలోవి, ఎందుకంటే ఆశ చూపినా భయపెట్టినా తూకం వేస్తున్నది చూసేవారి భక్తినే. “ఇంత కష్టపడి తీశాం” అన్నదీ మొహమాటపెట్టడమే. కొండ దిగువన తడిసి ముద్దయి తీసి ఉండవచ్చు, ఆ బాకీ ప్రేక్షకుడిది కాదు. దీనికి బదులు ఇలా అనవచ్చు: “వచ్చే సోమవారం తిరుచానూరు పద్మసరోవరం చూద్దాం. అలాంటివి చూడాలనిపిస్తే సబ్‌స్క్రైబ్ చేసుకోండి.” ఇందులో ఏం వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఉంది, షరతు చూసేవారి ఇష్టం మీద ఉందే గాని వారి భక్తి మీద లేదు. తీరికగా పలికినా ఏడెనిమిది సెకన్లకు మించదు.

ఆ మాటను విషయం పూర్తయ్యాకే పలకాలి. హారతి దృశ్యం మీదో, స్వామి ముఖం తెరనిండా ఉన్నప్పుడో పలికితే స్వామే అడుగుతున్నట్లు ఉంటుంది, కాబట్టి అక్కడ కొండనో మెట్లనో చూపితే మేలు. తెర మీద అక్షరాలు వేసేటట్లయితే కింది భాగాన్నీ కుడి అంచునూ వదిలేయాలి, అక్కడ ఛానల్ పేరు, బటన్లు వచ్చి కప్పేస్తాయి.

ఏ వాక్యం పనిచేసిందో తేల్చడానికి ఒకే తీరు షార్ట్‌లను, ఒకే వేళకు పెట్టినవాటిని పోల్చాలి. స్టూడియోలో వీడియో వారీగా చేరినవారితో పాటు వెళ్లిపోయినవారి సంఖ్య కూడా దొరుకుతుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, వెయ్యి వీక్షణలకు ఎంత మిగిలిందో చూడాలి. బెదిరింపుతో ఇరవై మంది చేరి పదిహేను మంది పోయినదానికన్నా, మామూలు మాటతో తొమ్మిది మంది చేరి ఒకరు పోయినది మెరుగు. అయితే సోమవారం పద్మసరోవరం అని చెప్పి ఆ రోజు వేరేది పెడితే, ఎంత మర్యాదగా అడిగినా ఆ రెండో అంకె పెరుగుతుంది.