సంక్రాంతి 15కి జరిగితే తప్పు లీపు సంవత్సరానిదా?

ప్రశ్న: నాలుగేళ్లకోసారి ఫిబ్రవరి 29 కలుపుతున్నాం కదా, మరి 14న రావాల్సిన సంక్రాంతి 15న ఎందుకొస్తోంది?

సిద్ధాంతి: కలిపేది చాలక. 1863లో వివేకానందుడు పుట్టిన మకర సంక్రాంతి జనవరి 12న. 2023లో సంక్రమణం 14వ తేదీ రాత్రి. నూట అరవై ఏళ్లలో రెండు రోజులు జారిపోయింది మీ తేదీ.

మాస్టారు: జారిన మాట నిజమే సిద్ధాంతిగారూ, కారణం అది కాదు. ఆ రెండు రోజుల్లో ఒకటి 1900 నాటిది. ఆ ఏడాది నాలుగుతో భాగించబడినా ఫిబ్రవరి 29 పెట్టలేదు.

సిద్ధాంతి: అదే నేననేది! ఉన్నదాన్నీ తీసేశారు.

మాస్టారు: తీయకపోతే రుతువులు తప్పుతాయి. పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు మళ్లీ రావడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. నాలుగేళ్లకు మిగిలేది 23 గంటల 15 నిమిషాలే, మనం కలిపేది 24 గంటలు. ప్రతి లీపుకూ 45 నిమిషాలు ఎక్కువ పోతోంది. నాలుగు వందల ఏళ్లకు అది 75 గంటలు, మూడు రోజుల పైమాట. అందుకే 1700, 1800, 1900 వదిలేసి 2000 ఉంచారు. ఈ కోత లేని రోజుల్లో మార్చి 21 నాటి విషువత్తు 1582 నాటికి 11కి వచ్చేసింది. పోప్ గ్రెగొరీ అక్టోబరు 4 గురువారం మర్నాడు 15 శుక్రవారం అనాల్సి వచ్చింది.

సిద్ధాంతి: సరే, ఒక రోజు లెక్క కుదిరింది. రెండోది?

మాస్టారు: అది మీ పంచాంగంలోనే ఉంది. సంక్రాంతి విషువత్తును చూడదు, నక్షత్రాలను చూస్తుంది. సూర్యుడు బయలుదేరిన నక్షత్రం దగ్గరికే తిరిగి రావడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. సరిగ్గా 6 గంటలైతే లీపు రోజుతో చెల్లిపోయేది. ఏటా మిగిలే ఆ 9 నిమిషాలే నూట అరవై ఏళ్లకు ఒక రోజయ్యాయి.

సిద్ధాంతి: మరి మా ఊళ్లో 2024లో 15న, 2025లో 14న చేశాం. ముందుకే జారుతుంటే వెనక్కెలా వచ్చింది?

మాస్టారు: ఏటా సంక్రమణం ఆరు గంటలు ఆలస్యమవుతుంది. 2023లో 14 రాత్రి, 2024లో 15 తెల్లవారుజాము. ఆ ఫిబ్రవరిలో 29 కలిపాక 2025లో ఒక రోజు వెనక్కొచ్చి 14 ఉదయానికి చేరింది. ఇది ఊగిసలాట, అసలు జారుడు దాని అడుగున నెమ్మదిగా సాగుతోంది.

సిద్ధాంతి: అయితే క్యాలెండరే నక్షత్రాన్ని పట్టుకోవాలి.

మాస్టారు: అప్పుడు ఎండాకాలం నెల మారుతుంది. ఇప్పటికే సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో. మనం ఉత్తరాయణమని పండుగ చేసేది జనవరి మధ్యలో.

సిద్ధాంతి: పండుగ రాశిప్రవేశానిది మాస్టారూ, ఎండది కాదు. అది నేనొప్పుకోను.

మాస్టారు: ఒప్పుకోకపోయినా 2100లో ఫిబ్రవరి 29 ఉండదు. 2101లో సంక్రమణం జనవరి 15 రాత్రికి పడుతుంది.