ముందు ఆయనెవరో చెప్పండి

ఎవరైనా ఒక మాట అంటే అది నిజమా కాదా అని పుస్తకాలు తిరగేసే ఓపిక నాకు లేదు. నా పద్ధతిలో ఒక్కటే ప్రశ్న: చెప్పిందెవరు? టీ చల్లారేలోపు తీర్పు వచ్చేస్తుంది.

మొన్న పెళ్లి భోజనాల్లో మా తెలుగు మాస్టారు, "తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదోయ్, తమిళ కన్నడాలకి తోబుట్టువు" అన్నారు. ఎవరన్నారని అడిగాను. 1816లో ఎల్లిస్ అనే మద్రాసు కలెక్టరు రాశాడట. తెల్లదొర! కేసు అక్కడే కొట్టేశాను.

"మరి సంస్కృతంలోంచే పుట్టిందన్న కేరీ ఎవరనుకున్నావు? ఆయనా తెల్లవాడే, పైగా మిషనరీ" అన్నారాయన. ఇద్దరినీ కొట్టేస్తే తెలుగు ఎక్కడా పుట్టకుండా పోయేట్టుంది. అప్పడం విరిచి ఆలోచనలో పడ్డాను.

మాస్టారు ఆగలేదు. ఎల్లిస్ ధాతువుల పట్టికలకు ఆధారం పట్టాభిరామశాస్త్రిగారి పని. సంస్కృతం నుంచి రాని దేశ్యపదాలు వేరని చెప్పడానికి ఉదాహరించింది బందరు మామిడి వెంకయ్యగారిని. అంటే దొరవాదంలో సగం మనవాళ్లదే. నా పద్ధతిలో సగం నిజానికి గడి లేదు.

"ఎవరివైతేనేం, నువ్వే చూసుకో" అని ఆయన విస్తరి మీద నీళ్లతో రాశారు. కన్నడంలో కివి, మనకి చెవి. వాళ్లకి కెరె, మనకి చెరువు. ఎ, ఇల ముందు వాళ్ల క మనకి చ అవుతోంది. ఒక మాటలో అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, వరసగా వస్తుంటే కాదు. చెవికి దొర ఎవరో తెలియదు కదా!

"అయితే పుట్టుక అడగడమే తప్పా?" అన్నాను, కొంచెం ఉడుక్కుంటూ. కాదట. కంపెనీ ఉద్యోగులకు భాషలు నేర్పే మద్రాసు కాలేజీలో తెలుగు, తమిళ, కన్నడ పండితులు ఒకే కప్పు కింద పనిచేశారు కాబట్టి ఆ పోలిక అక్కడ తట్టిందని చెప్పొచ్చు. అది ఎలా తట్టిందో చెబుతుంది గానీ, నిజమో కాదో చెప్పదు.

ఇక ఆంధ్రశబ్దచింతామణి అనే పాత తెలుగు వ్యాకరణం సంగతి వేరు. నన్నయ రాశాడనీ, భీమకవి గోదావరిలో పారేశాడనీ, కంఠస్థం చేసిన సారంగధరుడి దగ్గర్నుంచి బాలసరస్వతి అనే పండితుడికి దక్కిందనీ 17వ శతాబ్దంలో అప్పకవి చెప్పాడు. అది నన్నయదేనా అన్నప్పుడు పుట్టుకే అసలు ప్రశ్న. అక్కడ ఎవరు, ఎప్పుడు, ఎవరి చేతి నుంచి అని తవ్వాల్సిందే. తవ్వి, నన్నయది కాదని తేలినా అందులోని సంధి సూత్రం తప్పైపోదు. దాన్ని ప్రయోగాలతో సరిచూసుకోవాలి.

నాకు అంతా అర్థమైంది. ప్రస్తుతం సారంగధరుడు ఏ జిల్లావాడో వాకబు చేస్తున్నాను.