గడియారం వెనక్కి తిరిగిన రాత్రి

రాత్రి పదకొండున్నరకి చెల్లి ఫోన్ నా ముఖం ముందు పెట్టి "అన్నయ్యా, ఇది నువ్వేనా?" అంది. దిండుకి గలీబు తొడుగుతున్న మనిషి, పదిహేడో సెకనులో దిండు జారి ముఖానికి తగిలి కళ్లజోడు ఎగిరిపోయిన మనిషి, ఖచ్చితంగా నేనే. కానీ ఎడమచేతి వాటం! వెనక గోడ గడియారంలో ముల్లు వెనక్కి తిరుగుతోంది. వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పేసి, మూలనున్న నా ఛానల్ పేరు మీద నవ్వే బొమ్మ అతికించి, ఎవరో తమ ఖాతాలో పెట్టుకున్నారు. నా ఛానల్లో దానికి 412 వ్యూస్. అక్కడ 3 లక్షలు.

నేను దెబ్బలు తిన్నది నిజం, కళ్లజోడు కాడ విరిగింది నిజం, పేరు మాత్రం వాడికి.

వెంటనే కామెంట్ రాయడం మొదలుపెట్టాను. పదకొండు లైన్లు. మొదటి మాట "దొంగ", చివరి మాట "కోర్టులో కలుద్దాం", మధ్యలో మూడు చోట్ల ఆశ్చర్యార్థకాలు వరసగా నాలుగేసి. చెల్లి చదివి, "ఇది చదివితే నాకే వాడి మీద జాలేస్తోంది" అంది. నిజమే, ఆ కామెంట్ చూసినవాళ్లు వీడియో ఎవరిదో పట్టించుకోరు, ఈ పిచ్చోడెవరా అని చూస్తారు. పైగా కింద కొట్లాట మొదలైతే ఇంకా కామెంట్లు, అంటే వాడి వీడియోకే ఇంకాస్త ఊపు.

చెల్లి అన్నీ కొట్టేసి మూడు వాక్యాలు మిగిల్చింది: "ఈ షార్ట్ నాది, మార్చి 4న నా ఛానల్లో పెట్టాను. అద్దంలోలా తిప్పారు కాబట్టే గడియారం వెనక్కి నడుస్తోంది. వివరణలో నా ఛానల్ పేరు చేర్చగలరా?" వీడియోలో అతికించిన బొమ్మని ఇప్పుడు తీయడం వాడి వల్ల కాకపోవచ్చు, వివరణ మార్చడం మాత్రం నిమిషం పని, అందుకే చెయ్యగలిగిందే అడగాలట. తేదీ ఎందుకంటే, తక్కువ వ్యూస్ ఉన్నవాడే కాపీ కొట్టాడని జనం తేల్చేస్తారు, కానీ వివరణ తెరిస్తే రెండు వీడియోల తేదీలూ కనిపిస్తాయి.

నేను ఊరుకోకుండా చివర్లో నా వీడియో లింకు తగిలించాను. పోస్ట్ చేసి, నా శాంతానికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

రెండు రోజులు ఒక్క లైకు రాలేదు, ఒక్క జవాబూ లేదు. లోకం ఇంత నిర్దయగా ఉందా అనుకుంటుంటే చెల్లి లాగిన్ లేకుండా ఆ వీడియో తెరిచింది. నా కామెంటే లేదు! లింకు ఉన్న కామెంట్లని పక్కన ఆపేయడం మామూలేనట, ఖాతా యజమాని దాచినా అంతే, నాకు మాత్రం నా కామెంట్ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. అంటే రెండు రోజులు నా హుందాతనానికి నేనొక్కడినే ప్రేక్షకుణ్ణి. పైగా యూట్యూబ్ షార్ట్స్ కామెంట్లలో లింకు నొక్కినా తెరుచుకోదు, 2023 ఆగస్టు నుంచీ అంతే. లింకు తీసి మళ్లీ పెట్టాను. ఈసారి కనిపించింది. జవాబు రాలేదు.

సరే, జవాబు వీడియో. వాడి షార్ట్ కిందే రీమిక్స్ బటన్ ఉంది కదా అని నొక్కి, పక్కన నేను నిలబడి ఏడు టేకుల్లో మర్యాదగా మాట్లాడి, పోస్ట్ చెయ్యబోతుంటే చెల్లి కేకేసింది. రీమిక్స్ చేస్తే మూల వీడియోకి లింకు దానంతటదే పడుతుంది. అంటే నా వీడియో నాదని చెప్పే వీడియో మీద, సౌజన్యం వాడిది!

ఆపేసి మామూలుగా తీశాం. ఇరవై సెకన్లు. ఎడమవైపు నాది, కుడివైపు వాడిది, వాడి ఖాతా పేరు మాత్రం మూసేశాం, ఎందుకంటే మనవాళ్లు వెళ్లి బూతులు తిడితే తప్పు మనదవుతుంది. "గడియారం చూడండి, ఏది ముందుకు నడుస్తోందో అది నాది" అన్నాను, అంతే. చెత్త టేకుల్లో మాత్రం దొంగ అనే మాట నాలుగుసార్లు వినిపిస్తుంది. ఇంకా తేలకపోతే కాపీరైట్ తొలగింపు ఫారం ఎలాగూ ఉంది, వీడియో దించుకోవడానికి ఏడు రోజుల గడువు కూడా ఇవ్వొచ్చు, కామెంట్లో కోర్టు అని అరవక్కర్లేదు.

ఫారం దాకా పోలేదు. మర్నాడు జవాబొచ్చింది: "సారీ బ్రో, ఎక్కడో దొరికింది, పేరు పెట్టేశా." పరుగెత్తుకెళ్లి వివరణ తెరిచాను. నా ఛానల్ పేరు చివర్లో 2 ఉంటుంది. వాడు 22 కొట్టాడు. ఆ పేరుతో ఒక ఛానల్ నిజంగానే ఉంది, అందులో రెండే వీడియోలు, రెండూ వానవి. ఆ ఛానల్ మనిషి అప్పటికే కింద కామెంట్ పెట్టాడు: "అందరికీ థాంక్స్, మీ ప్రేమ ఇలాగే ఉండాలి."

నేను లోతుగా ఊపిరి పీల్చుకుని మళ్లీ టైప్ చేశాను: "చాలా సంతోషం. చివర్లో 2 ఒకటే."