అలారం రాలేదంటే ఏహెచ్‌యూ బాగున్నట్టు కాదు

"మిత్రులకు మనవి. ఏహెచ్‌యూ ఫాల్టులు పట్టడానికి కన్సల్టెంట్లు అక్కర్లేదు, బీఎంఎస్ డేటా చాలు. 1. సప్లై ఎయిర్ సెట్‌పాయింట్‌కి 1 డిగ్రీ తేడా వస్తే వెంటనే అలారం పెట్టండి, లిమిట్ ఎంత టైట్‌గా ఉంటే అంత మంచిది. 2. అన్ని ఏహెచ్‌యూలకూ అవే లిమిట్లు వాడండి. 3. నిమిషానికోసారి డేటా తీయకండి, సర్వర్ నిండిపోతుంది. 4. అలారం రాలేదంటే ఏహెచ్‌యూ బాగున్నట్టే. అందరికీ పంపండి."

ఏసీ గాలిని చల్లబరిచి ఫ్లోర్‌కి పంపే ఏహెచ్‌యూల గురించి, వాటి అంకెల్ని స్క్రీన్ మీద చూపించే బీఎంఎస్ గురించి వచ్చిన ఈ ఫార్వర్డు, ఈ నెలలో నాకు ఆరోసారి. పంపినవాళ్లంతా ప్లాంట్ రూముల్లో పనిచేసేవాళ్లే, అందుకే బాధ. తెలియనివాళ్లు పంపితే చదివి వదిలేసేవాణ్ని.

మూడోది ముందు తేల్చేస్తాను. ఒక ఏహెచ్‌యూకి పది పాయింట్లు, నిమిషానికోసారి తీసినా రోజుకి 14,400 అంకెలు. దానికి ఏ సర్వరూ నిండదు. కాకపోతే కింద చెప్పబోయే పరీక్షకి ఐదు నిమిషాల సగటు సరిపోతుంది, కాబట్టి దీని మీద గొడవ పడను.

మొదటిది. మన విశాఖలో చాలా ఆఫీసుల్లో కాయిల్‌కి చల్లనీళ్లు వదిలే వాల్వ్‌ని నడిపేది గదుల నుంచి తిరిగొచ్చే గాలి, అంటే రిటర్న్ ఎయిర్ టెంపరేచర్. 24 పెట్టి వదిలేస్తారు. అలాంటి యూనిట్‌లో సప్లై ఎయిర్‌కి సెట్‌పాయింటే ఉండదు, ఇక దేనికి 1 డిగ్రీ తేడా? సెట్‌పాయింట్ ఉన్నచోట కూడా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు, వాల్వ్ కదిలినప్పుడల్లా ఆ 1 డిగ్రీ దాటుతూనే ఉంటుంది. ఆ 1 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే ఇచ్చిన గైడ్‌లైన్ 36లో సప్లై ఎయిర్ సెన్సర్‌కి ఇచ్చిన ఎర్రర్ 1 డిగ్రీ. అది సెన్సర్ ఎంత తప్పు చూపించవచ్చో చెప్పే అంకె. రూల్‌లో అది మిగతా సెన్సర్ల ఎర్రర్‌తో కలుస్తుంది, పైన అరగంట అలారం డిలే ఉంటుంది, అంకెలన్నీ ఐదు నిమిషాల సగటులు. ఇవన్నీ తీసేసి 1 ఒక్కటి పట్టుకుంటే ఏమవుతుందో కళ్లారా చూశాను. రుషికొండ వైపు ఒక ఆఫీసులో నైట్ షిఫ్ట్ కుర్రాడు అలారం పేజీ తెరవగానే చదవకుండా అన్నిటినీ అక్నాలెడ్జ్ కొట్టేస్తున్నాడు. "రోజూ ఇవే సార్, చదివితే పని జరగదు" అన్నాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు.

ఇక నాలుగోది. కోపం వచ్చింది దీని మీదే.

రూల్ అనేది ఎప్పుడూ మెలకువగా ఉండదు. ప్రతి రూల్‌కీ ఒక షరతు ఉంటుంది, ఆ షరతు కుదిరినప్పుడే అది లెక్క చూస్తుంది. ఆ గైడ్‌లైన్‌లో కూలింగ్ వాల్వ్ పాస్ అవుతోందా, అంటే మూసినా నీళ్లు పోతున్నాయా అని చూసే రూల్ నడిచేది హీటింగ్‌లోనూ, బయటి చల్లగాలితోనే పని జరిగిపోయే ఫ్రీ కూలింగ్‌లోనూ. విశాఖలో హీటింగ్ ఎక్కడిది? ఈ ఉక్కపోతలో బయటి గాలితో ఫ్రీ కూలింగ్ చేసే ఆఫీసు ఎక్కడిది? అంటే ఆ రూల్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడితే అది ఏడాది పొడుగునా నిద్రపోతుంది. ఫ్రెష్ ఎయిర్ శాతాన్ని లెక్కగట్టే రూల్ కూడా అంతే, బయటి గాలికీ రిటర్న్ గాలికీ కనీసం 6 డిగ్రీల తేడా ఉంటేనే చూస్తుంది. మే మధ్యాహ్నం ఉంటుంది, జనవరిలో చాలావరకు ఉండదు. అలారం పేజీ ఖాళీగా ఉందని మేనేజర్‌కి రిపోర్ట్ పంపేస్తాం. ఆ ఖాళీకి అర్థం ఎవరూ చూడలేదనే తప్ప ఫాల్ట్ లేదని కాదు.

నేను చూసిన ఒక యూనిట్ సంగతి చెబుతాను. పదివేల సీఎఫ్ఎం ఏహెచ్‌యూ, మూడో అంతస్తు. సాయంత్రం జనం వెళ్లిపోయాక మిగిలినవాళ్లు చలి చలి అంటున్నారు. స్క్రీన్ మీద వాల్వ్ కమాండ్ 0, ఫీడ్‌బ్యాక్ కూడా 0. అలారం లేదు. ఫీడ్‌బ్యాక్ 0 చూసి చాలామంది అక్కడితో ఆగిపోతారు, కానీ ఆ అంకె వచ్చేది యాక్చుయేటర్ మోటారు నుంచి. లోపల ప్లగ్ సీటు మీద కూర్చుందా లేదా అన్నది దానికి తెలియదు. నేను ఒక పొద్దున వెళ్లి వాల్వ్ దాటాక రెండడుగుల దూరంలో ఇన్సులేషన్ కాస్త తీసి పైపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది, వేళ్లకి తడి అంటింది.

చెయ్యి పెట్టి చూడటం ఒక్కసారికి పనికొస్తుంది. రోజూ పట్టాలంటే రూల్ కావాలి, రూల్‌కి లిమిట్ కావాలి. వాల్వ్ మూసి ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు కాయిల్ ముందు గాలి (మిక్స్‌డ్ ఎయిర్), తర్వాతి గాలి (సప్లై ఎయిర్) దాదాపు ఒకటే ఉండాలి, ఫ్యాన్ వేడి వల్ల సప్లై ఓ డిగ్రీ ఎక్కువ ఉండాలి. సప్లై తగ్గితే నీళ్లు పోతున్నట్టు. ఎంత తగ్గితే? గైడ్‌లైన్ అంకెలతో చూద్దాం. మిక్స్‌డ్ ఎయిర్ ఎర్రర్ 3, సప్లై ఎర్రర్ 1. రెండిటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 3.2 దాకా వస్తుంది. ఆ పొద్దున మిక్స్‌డ్ 26.4, సప్లై 24.5. తేడా 1.9, ఫ్యాన్ వేడికి 1 కలిపితే 2.9. లిమిట్ 3.2, కాబట్టి ఫాల్ట్ కాదట. ఇక్కడ పైపు చేతికి తడిగా తగులుతోంది.

ఆ 3 డిగ్రీలు పెట్టినవాళ్లని తప్పుపట్టను. మన దగ్గర ఏహెచ్‌యూ రూమే మిక్సింగ్ చాంబర్. ఒక గోడకి ఫ్రెష్ ఎయిర్ లూవర్, ఇంకోవైపు రిటర్న్. సెన్సర్ లూవర్ పక్కన ఉంటే ఒక అంకె, రిటర్న్ దారిలో ఉంటే ఇంకో అంకె. ఎవరైనా తలుపు తెరిచి పెడితే అదీ మారుతుంది. ఏ బిల్డింగో తెలియకుండా లిమిట్ రాయాలంటే అంత వదలాల్సిందే. కానీ మనకి మన బిల్డింగ్ తెలుసు కదా, మన సెన్సర్ ఎటు ఎంత తప్పు చూపిస్తుందో కొలుచుకోవచ్చు. రెండో పాయింట్‌కి జవాబు కూడా ఇదే. ఏ ఏహెచ్‌యూ లిమిట్ దానిదే.

అందుకు కాయిల్ ఐసొలేషన్ వాల్వ్ చేత్తో పూర్తిగా మూసి, ఇక నీళ్లు పోవడం లేదని పైపు తాకి నిర్ధారించుకుని, ఫ్యాన్ ఒక్కటే నడిపి చూశాం. మొదటిసారి మధ్యాహ్నం మూడింటికి చేశాం, అక్కడే దెబ్బతిన్నాం. మూసిన పది నిమిషాలకి కూడా సప్లై గాలి మిక్స్‌డ్ కంటే 3 డిగ్రీలు చల్లగా ఉంది. ఐసొలేషన్ వాల్వే పాస్ అవుతోందేమో అని టెన్షన్ పడ్డాం. సంగతేమిటంటే అంతవరకు కూలింగ్ చేసిన కాయిల్ ఫిన్ల నిండా తడి. నీళ్ల సరఫరా ఆగినా ఆ తడి ఆరుతూ గాలిని చల్లబరుస్తుంది, అచ్చం కూలర్‌లాగే. డ్రెయిన్ పాన్‌లో చుక్కలు ఆగి, ఫిన్లు ఆరేసరికి ముప్పావుగంట పట్టింది. మన గాలిలో ఉన్న తేమకి ఇది తప్పదు. కాబట్టి వాల్వ్ 0 అయిన వెంటనే చూసే రూల్ ఇక్కడ అబద్ధం చెబుతుంది.

తర్వాత ఐదు రోజులు పొద్దున్నే, ఆఫీసు తెరవక ముందు చేశాం. ఫ్యాన్ ఆన్ చేసి 45 నిమిషాలయ్యాక మిక్స్‌డ్‌లో నుంచి సప్లై తీసేస్తే వచ్చిన తేడాలు మైనస్ 1.0 నుంచి మైనస్ 0.3 మధ్యలో ఉన్నాయి, సగటు మైనస్ 0.7. ఫ్యాన్ వేడి, రెండు సెన్సర్ల తప్పు, అన్నీ ఆ 0.7లోనే కలిసిపోయాయి, విడివిడిగా తెలుసుకోవాల్సిన పనిలేదు. సగటు నుంచి ఏ రోజూ 0.4 కంటే దూరం పోలేదు. ఐదు రోజులే కదా, కాలం మారితే గాలి కలిసే తీరు మారుతుంది కదా అని కాస్త వదిలి లిమిట్ 1.5 పెట్టాను. రూల్ ఇంతే:

```
D = MAT - SAT
if (valve == 0 and fan_on and chw_pump_on) for 45 min:
    if D - D0 > 1.5: FAULT
    else: OK
else:
    NOT_TESTED
```

MAT అంటే మిక్స్‌డ్ ఎయిర్ టెంపరేచర్, SAT అంటే సప్లై ఎయిర్ టెంపరేచర్, D0 అంటే ఆ మైనస్ 0.7. ముందు చెప్పిన పొద్దుటి అంకెలు ఇందులో పెట్టండి. 1.9 లోంచి మైనస్ 0.7 తీసేస్తే 2.6. ఫాల్ట్. పదివేల సీఎఫ్ఎం మీద 2.6 డిగ్రీలంటే సుమారు 15 కిలోవాట్ల చల్లదనం, 4 టన్నులకు పైనే, ఎవరూ అడగకుండా పోతోంది. చల్లనీళ్ల పంపు నడుస్తోందా అన్న షరతు మరిచిపోకండి. పంపు ఆగి ఉంటే పాస్ అయ్యే వాల్వ్ కూడా మంచిదే అనిపిస్తుంది.

పనివేళల్లో వాల్వ్ 0కి రాదు కాబట్టి ఈ పరీక్షని షెడ్యూల్లో పెట్టాల్సి వచ్చింది. ప్రతి శనివారం పొద్దున ఆరింటికి, చిల్లర్ ఎలాగూ నడుస్తున్న సమయంలో, ఒక్కో యూనిట్‌కి వాల్వ్‌ని 0కి ఓవర్‌రైడ్ చేసి గంట తర్వాత వదలాలి. ఓవర్‌రైడ్ దానంతటదే వదిలేలా టైమర్ పెట్టండి, లేకపోతే సోమవారం ఫ్లోర్ అంతా చెమటలు పడుతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లిమిట్ టైట్‌గా ఉండాలన్న ఫార్వర్డు కోరిక తప్పు కాదు. నా 1.5 గైడ్‌లైన్ 3.2 కంటే సగం కూడా లేదు, ఆ ఒక్క కారణం వల్లే ఈ లీకు దొరికింది. కన్సల్టెంట్ అక్కర్లేదన్నదీ నిజమే. ఇందులో ఏదీ ప్లాంట్ రూమ్ మనిషి చేయలేనిది కాదు, లెక్క మొత్తం ఎక్సెల్‌లో అయిపోయింది. కానీ ఆ టైట్ లిమిట్ ఐదు పొద్దులు కొలిచాక వచ్చింది. ఫార్వర్డులోని 1 ఎవరూ కొలవకుండా వచ్చింది.

వాల్వ్ విప్పితే సీటు మీద గోరంత తుప్పు పెచ్చు అడ్డం పడి ఉంది. సీటు శుభ్రం చేసి, ముందున్న స్ట్రెయినర్ కూడా కడిగి బిగించారు. తర్వాతి శనివారం తేడా మైనస్ 0.5. అదే బిల్డింగ్‌లో ఇంకో రెండు యూనిట్లకి ఐసొలేషన్ వాల్వే సరిగా మూసుకోదు, అందుకని వాటికి D0 తీయలేకపోయాం. స్క్రీన్ మీద అవి పచ్చగా లేవు, బూడిదరంగులో "పరీక్షించలేదు" అని ఉన్నాయి. ఆ వాల్వులు మార్చేదాకా అలాగే ఉంచమని చెప్పాను.