ఆన్‌రోడ్ ధరలో సర్కారు వాటా ఎంత, షోరూమ్ వాటా ఎంత?

షోరూమ్ కౌంటర్లో ఇచ్చే కొటేషన్ చీటీలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది అడుగున ఉండే మొత్తం. బేరం కూడా అక్కడే మొదలవుతుంది. "వెయ్యి తగ్గిస్తాం సార్" అనగానే చాలామంది సరేనంటారు. నిజానికి ఆ మొత్తంలో కొన్ని అంకెలు ఎవరూ కదిలించలేనివి, కొన్ని షోరూమ్ తనకు తోచినట్టు వేసుకున్నవి. ఆ రెండిటినీ విడదీయకుండా బేరమాడితే పోయేది కొనేవాడి డబ్బే.

ఖమ్మంలో ఒక 125 సీసీ బండి తీసుకుందాం. ఎక్స్‌షోరూమ్ ధర 95,000 అనుకుందాం. జీఎస్టీ, ఫ్యాక్టరీ నుంచి షోరూమ్ దాకా రవాణా, డీలర్ మార్జిన్ అన్నీ ఇందులోనే ఉంటాయి. లైఫ్ ట్యాక్స్ 12 శాతం చొప్పున 11,400. రిజిస్ట్రేషన్ ఫీజు 300, దానికి కార్డు, పోస్టు, సర్వీసు ఛార్జీలు కలిపితే మొత్తం వెయ్యి చుట్టుపక్కల. అప్పు మీద కొంటే హైపోథికేషన్‌కు మరో 500. ఇవన్నీ రవాణా శాఖ రసీదులో కనిపించాల్సినవి. సెస్సు ఏదైనా ఉంటే అదీ అక్కడే విడిగా కనిపిస్తుంది. రసీదులో లేని సొమ్ము ప్రభుత్వానికి పోలేదన్నమాట.

అసలు తేడా వచ్చేది ఇన్సూరెన్స్ దగ్గర. కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు ఒకేసారి కట్టాలి. 75 నుంచి 150 సీసీ బండ్లకు అది 3,851 రూపాయలు. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఇంతే. మారేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది. బండి విలువ (ఐడీవీ) ధరలో 95 శాతం, అంటే 90,250. హైదరాబాద్ లాంటి మహానగరాలు కాని ఊళ్లకు పాత టారిఫ్ రేటు 1.676 శాతం చొప్పున లెక్కిస్తే 1,513 వస్తుంది. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఒక ఏడాదికి సుమారు 330. మూడూ కలిపి 5,694, పైన 18 శాతం జీఎస్టీ వేస్తే 6,719. ఓన్ డ్యామేజ్ మీద కంపెనీలు డిస్కౌంట్ ఇస్తుంటాయి కాబట్టి బయట ఇంతకన్నా తక్కువకే దొరకొచ్చు.

అదే బండికి షోరూమ్ చీటీలో ఇన్సూరెన్స్ 8,900 అని ఉంటే ఆ 2,181 ఎందుకో అడగాలి. జీరో డిప్రిసియేషన్ కలిపి ఉండొచ్చు. అది పనికొచ్చేదే: మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ఖర్చు మనమే పెట్టుకోవాలి, ఇప్పటి బండి చుట్టూ ఉన్నది ప్లాస్టిక్కే. అది లేకపోతే మాత్రం ఆ 2,181కి లెక్క లేనట్టే. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ సార్" అనే మాటా సగమే నిజం. పాలసీలో రెండు గడువులు విడిగా రాసి ఉంటాయి. ఓన్ డ్యామేజ్ సాధారణంగా ఏడాదికే ముగుస్తుంది. రెండో ఏడు బండి పోతే, ఐదేళ్లు కట్టాననుకున్న మనిషికి రూపాయి రాదు.

డీలర్ దగ్గరే పాలసీ తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట తీసుకోవాలంటే ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కావాలి, బండి కేటాయించాకే అవి తెలుస్తాయి. పాలసీ లేకుండా రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి, నంబర్లు ఇవ్వడంలో ఆలస్యం చేసి "ఈరోజు డెలివరీ కావాలంటే మా దగ్గరే" అనడం మామూలైపోయింది.

ఇక హ్యాండ్లింగ్ ఛార్జీ 1,500. గోడౌన్ నుంచి తెచ్చాం, కడిగాం, కాగితాలు చేశాం అంటారు. ఆ పనులకు డీలర్ మార్జిన్ ఉండనే ఉంది. దీన్ని పసిగట్టడం తేలిక: చీటీలో ఉంటుంది, ట్యాక్స్ ఇన్వాయిస్‌లో ఉండదు. బిల్లులో రాసివ్వమంటే కొన్నిచోట్ల మాయమవుతుంది, కొన్నిచోట్ల యాక్సెసరీస్‌లోకి దూరుతుంది.

యాక్సెసరీస్ 3,700 అని ఒక్క లైనుగా వేస్తారు. విప్పితే హెల్మెట్ 900, చీర గార్డు 500, క్రాష్ గార్డు 1,100, సీటు కవరు 400, టెఫ్లాన్ కోటింగ్ 800. బండితోపాటు హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 138వది చెబుతుంది. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, అంటే చీర గార్డు, వెనక కూర్చున్నవారికి పట్టుకునే హ్యాండిల్ 123వ నిబంధన ప్రకారం బండిలో భాగమే. కాబట్టి ఆ 1,400 అడిగే హక్కు వాళ్లకు లేదు. మిగతావి మన ఇష్టం. క్రాష్ గార్డు బయట వేయించుకోవచ్చు, కొత్త పెయింటు మీద టెఫ్లాన్ నా దృష్టిలో దండగ.

కూడితే, అప్పు లేకుండా కొన్నవాళ్లకు బండి 1,14,119కి రావాలి. చీటీలో ఉన్నది 1,21,500. మధ్యలో ఉన్న 7,381లోంచి "డిస్కౌంట్" పేరుతో వెయ్యి తిరిగి ఇస్తున్నారు. ఈ లెక్కంతా అడ్వాన్స్ కట్టకముందే అడగాలి. కట్టాక అడిగితే, క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎప్పుడొస్తుందన్న ప్రశ్న ముందుకొస్తుంది, ధర సంగతి వెనక్కిపోతుంది.