తనలో వైరుధ్యం ఉందని తానే నిరూపించే వ్యవస్థ: గోడెల్ సిద్ధాంతాలను జాగ్రత్తగా చదవడం ఎలా?

గోడెల్ 1931లో ప్రచురించిన మొదటి అసంపూర్ణతా సిద్ధాంతం చాలామందికి ఇలా గుర్తుంటుంది: వైరుధ్యం లేని ఏ గణిత వ్యవస్థలోనైనా ఒక గోడెల్ వాక్యం ఉంటుంది, అది నిజమే కానీ దాన్ని నిరూపించలేం, ఖండించనూలేం. ఇందులో "ఏ వ్యవస్థలోనైనా" అన్నమాట తప్పని కొంచెం చదివిన విద్యార్థి చెప్పగలడు. సహజ సంఖ్యలపై కూడిక ఒక్కటే ఉన్న అంకగణితం సంపూర్ణమేనని, అంటే అందులోని ప్రతి వాక్యాన్నీ నిరూపించడమో ఖండించడమో చేయగలమని, ప్రెస్‌బర్గర్ 1929లోనే చూపాడు. "ఖండించనూలేం" అన్నచోట ఉన్న లోపం మాత్రం అంత తేలిగ్గా కనబడదు. అది చూడాలంటే నిరూపణలోకి దిగాల్సిందే.

ముందు షరతులు. T అనే వ్యవస్థ స్వీకృతాలన్నిటినీ ఒక అల్గారిథమ్ వరసగా రాసి ఇవ్వగలగాలి. కూడిక, గుణకారం గురించిన కొద్దిపాటి ప్రాథమిక వాస్తవాలు T నిరూపించగలగాలి. పియానో అంకగణితానికి, అంటే PAకి, ఈ రెండూ ఉన్నాయి. సహజ సంఖ్యల గురించిన నిజాలన్నిటినీ స్వీకృతాలుగా పెట్టుకుంటే ఆ వ్యవస్థ సంపూర్ణమే, వైరుధ్యమూ లేదు. కానీ ఆ జాబితాను ఏ అల్గారిథమూ తయారుచేయలేదు కాబట్టి గోడెల్ సిద్ధాంతం దానికి వర్తించదు.

ఇక నిరూపణ. వాక్యాలకూ నిరూపణలకూ సంఖ్యలు కేటాయిస్తాం. "x అనేది y అనే వాక్యానికి T లోని నిరూపణ" అన్న సంబంధాన్ని `Prf(x, y)` అందాం. ఇది యాంత్రికంగా సరిచూడదగినది. అందువల్ల ఏ రెండు నిర్దిష్ట సంఖ్యలు తీసుకున్నా, ఆ సంబంధం ఉంటే ఉందని, లేకపోతే లేదని T నిరూపిస్తుంది. `Prov(y)` అంటే `∃x Prf(x, y)`. తన గురించి తానే మాట్లాడే వాక్యాన్ని కట్టే వికర్ణ ఉపసిద్ధాంతం ద్వారా ఈ కింది G దొరుకుతుంది. ఇందులో ⊢ అంటే నిరూపిస్తుంది అని, ⌜G⌝ అంటే G కి కేటాయించిన సంఖ్య:

```
T ⊢ G ↔ ¬Prov(⌜G⌝)
```

T లో G కి నిరూపణ ఉందనుకుందాం, దాని సంఖ్య n. అప్పుడు `Prf(n, ⌜G⌝)` ని T నిరూపిస్తుంది, దాన్నుంచి `Prov(⌜G⌝)`, దాన్నుంచి ¬G వస్తాయి. G, ¬G రెండూ వచ్చాయంటే T లో వైరుధ్యం ఉన్నట్టే. కాబట్టి T లో వైరుధ్యం లేకపోతే G కి నిరూపణ లేదు. ఈ సగానికి ఇంకే షరతూ అక్కర్లేదు.

రెండో సగం దగ్గరే జారిపోతారు. T లో ¬G కి నిరూపణ ఉందనుకుందాం. అప్పుడు T ⊢ `Prov(⌜G⌝)`. "కాబట్టి G కి నిరూపణ ఉంది, వైరుధ్యం" అని పరీక్షల్లో రాసేస్తుంటారు. ఆ "కాబట్టి"కి ఆధారం లేదు. ఏదో ఒక x ఉందని T అంటోంది, అంతే. T లో వైరుధ్యం లేదనుకున్నాం గనుక, మొదటి సగం ప్రకారం G కి నిరూపణ లేదు. అందువల్ల 0, 1, 2 ఇలా ప్రతి n కీ `¬Prf(n, ⌜G⌝)` ని కూడా T విడివిడిగా నిరూపిస్తుంది. ఏ ఒక్క సంఖ్యా కాదంటూనే ఏదో ఒకటి ఉందనే వ్యవస్థ వింతగా ఉండొచ్చు, కానీ అందులో φ, ¬φ రెండూ నిరూపితం కావాల్సిన పనిలేదు. ఇలాంటి ప్రవర్తన ఉండకూడదన్న షరతే ఒమేగా-అవిరుద్ధత. గోడెల్ ¬G విషయంలో ఈ బలమైన షరతే పెట్టాడు.

అది అతిజాగ్రత్త కాదనడానికి నిజమైన ఉదాహరణ ఉంది. PA లో వైరుధ్యం లేదన్న నమ్మకంతో మొదలుపెడదాం. `Con(PA)` అంటే "PA లో 0=1 కి నిరూపణ లేదు" అని చెప్పే అంకగణిత వాక్యం. రెండో అసంపూర్ణతా సిద్ధాంతం ప్రకారం PA దాన్ని నిరూపించదు. దీని నిరూపణకు పై మొదటి సగం చాలు, కాబట్టి మనం చక్రంలో తిరగడం లేదు. ఇప్పుడు కొత్త వ్యవస్థ:

```
S = PA + ¬Con(PA)
```

S లో వైరుధ్యం పుడితే PA లో `Con(PA)` కి నిరూపణ దొరికినట్టే, అది జరగదు. కాబట్టి S లో వైరుధ్యం లేదు. అయినా PA లో వైరుధ్యం ఉందని S కి స్వీకృతం. PA లోని నిరూపణ ప్రతిదీ S లోనూ నిరూపణే అన్న సంగతి S కి తెలుసు. కాబట్టి S ⊢ `¬Con(S)`. వైరుధ్యం లేని వ్యవస్థ, తనలో వైరుధ్యం ఉందని నిరూపిస్తోంది! వైరుధ్యం నుంచి ఏ వాక్యమైనా రాబట్టవచ్చనీ S కి తెలుసు. అందుకని తన సొంత గోడెల్ వాక్యమైన `G_S` కి కూడా నిరూపణ ఉందని S అంటుంది. అంటే S ⊢ `¬G_S`. S తన గోడెల్ వాక్యాన్ని ఖండించేసింది.

S ఉందంటున్న ఆ "నిరూపణ" ఎక్కడుంది? S కి నమూనా, అంటే దాని స్వీకృతాలన్నీ నిజమయ్యే ఒక లోకం, తప్పక ఉంటుంది, కానీ అది మనకు తెలిసిన సహజ సంఖ్యల సమితి కాదు. 0, 1, 2 వగైరా అన్నిటికన్నా పెద్దవైన అప్రామాణిక మూలకాలు అందులో ఉంటాయి. x గా నిలిచేది అలాంటి మూలకమే. దాన్ని విప్పి చూస్తే వరసగా చదవదగిన పరిమిత నిరూపణ ఏదీ రాదు.

అయితే S సంపూర్ణమని కాదు. రోసర్ 1936లో వాక్యాన్నే మార్చాడు. R చెప్పేది ఇది: "నాకు ఏ నిరూపణ ఉన్నా, దాని సంఖ్యను మించని సంఖ్యతో నా నిషేధానికి నిరూపణ ఉంది." ఇప్పుడు ¬R కి n సంఖ్యతో నిరూపణ ఉందనుకోండి. n వరకు ఉన్న సంఖ్యల్లో R కి నిరూపణ లేదని ఒక్కొక్కటిగా T సరిచూడగలదు, అవి పరిమితమే కదా. ఆపైన ఏ x వచ్చినా, n దానికన్నా చిన్నది, పైగా అది ¬R నిరూపణ. అంటే R చెప్పినదే జరిగింది, T దాన్ని నిరూపించేసింది, వైరుధ్యం వచ్చింది. అంతులేని వెతుకులాటను n దగ్గర ఆపడంలోనే ఉంది కిటుకు. ఇక వైరుధ్యం లేకపోవడం ఒక్కటే చాలు, కాకపోతే ఆ అనిర్ణీత వాక్యం G కాదు, R.

S ని చేతిలో పెట్టుకుంటే మిగతా అతిశయోక్తులను కొలవడం సులువు. "వైరుధ్యం లేకపోతే నిరూపించినదంతా నిజమే" అనుకోవడం వాటిలో ఒకటి. `G_S` నిజం, S దాన్ని అబద్ధమని నిరూపిస్తుంది. "ఎప్పటికీ నిరూపించలేని సత్యం" అన్నదీ నిలబడదు. G ని స్వీకృతంగా చేర్చిన వ్యవస్థలో దాని నిరూపణ ఒక్క వరస. నిరూపించలేకపోవడం ఎప్పుడూ ఫలానా వ్యవస్థలోనే.

"యంత్రం నిరూపించలేని G ని మనిషి నిజమని గుర్తిస్తాడు" అన్నది వీటన్నిటికన్నా మొండి వాదం. మనం చూపింది T లో వైరుధ్యం లేకపోతే G నిజమని మాత్రమే. PA లాంటి వ్యవస్థల్లో `Con(T) → G` ని T కూడా నిరూపిస్తుంది, రెండో సిద్ధాంతం పుట్టిందే అక్కణ్ణుంచి. అదనంగా మనకున్నది `Con(T)` పై నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు ఉండొచ్చు. గెంట్జెన్ 1936లో PA కి అవిరుద్ధత నిరూపణే ఇచ్చాడు, కానీ అందుకు ε₀ అనే క్రమసూచక సంఖ్య వరకు వెళ్లే ఆగమనం వాడాల్సివచ్చింది. సరిగ్గా ఆ మెట్టునే PA సమర్థించుకోలేదు.